మీ పేరు పక్కన ఆయన పేరు: రిఫరల్ ఇంటర్వ్యూకి ఎలా తయారవ్వాలి

(అమలాపురంలో ఒక ఆదివారం జరిగిన ఉద్యోగార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారమండి. రాజోలు నుంచి, రావులపాలెం నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు ఉన్నారు. సాయంత్రం మళ్ళీ బస్సు అందుకోవాలి కాబట్టి సరాసరి విషయంలోకి వెళ్ళిపోతాను.

మన కోనసీమలో గానీ, ఆ గట్టున పాలకొల్లు, భీమవరం వైపు గానీ, ఇప్పుడు ఏ వీధిలో చూసినా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళు పెళ్ళికొస్తే చాలు, భోజనాల బంతిలోనే ఎవరో ఒకరు పక్కన చేరి "బాబూ, మావాడి రెజ్యూమె పంపిస్తాను, మీ కంపెనీలో వేయించు" అంటారు. ఆయన కాదనలేడు. రేపు మళ్ళీ ఈ ఊరే రావాలి, ఈ మొహాలే చూడాలి. సరే పంపించండి అంటాడు. అక్కడి నుంచి ఏం జరుగుతుందో, ఆ కుర్రాడు ఎలా నడుచుకుంటే ఆ సరే అన్న మనిషికి ఆఫీసులో మాట పోకుండా ఉంటుందో, అదే ఈ రోజు మాట్లాడుకుందాం. నేను మనవాళ్ళని రిఫర్ చేస్తూ ఉంటాను. ఇంకొకరు రిఫర్ చేసినవాళ్ళని ప్యానెల్లో కూర్చుని ఇంటర్వ్యూ కూడా చేస్తాను. కాబట్టి బల్లకి అటూ ఇటూ చూసిన సంగతులే చెబుతాను.

ముందు ఒకటి స్పష్టంగా చెప్పుకుందాం. రిఫర్ చేసిన మనిషి ఉద్యోగం వేయించలేడు. మీ రెజ్యూమె వందలాది దరఖాస్తుల కింద పడిపోకుండా రిక్రూటర్ కంట పడేలా చేయగలడు, అంతవరకే. కంపెనీ లోపలి పోర్టల్లో ఆయన ఒక ఫారం నింపుతాడు. మీ పేరు, మెయిల్, ఫోన్ నంబరు, రెజ్యూమె అందులో పెడతాడు. చాలా కంపెనీల ఫారాల్లో వాటి కిందే అసలు ప్రశ్నలుంటాయి. ఈ అభ్యర్థి మీకెలా తెలుసు? కలిసి పనిచేశారా? ఎంతకాలం? బంధువా? ఈ ఉద్యోగానికి ఎందుకు సరిపోతారని అనుకుంటున్నారు? ఆ జవాబులు ఆయన పేరుతో, తేదీతో అక్కడే ఉండిపోతాయి. ఇంటర్వ్యూ ప్యానెల్‌కి కొన్నిచోట్ల అవి కనిపిస్తాయి, రిక్రూటర్‌కి ఎలాగూ కనిపిస్తాయి.

మన ఊళ్ళో సొసైటీలో అప్పు తీసుకునేటప్పుడు ఇంకొకరు జామీను సంతకం పెడతారు కదండీ, ఆ సంతకానికీ దీనికీ ఒక తేడా ఉంది. అక్కడ అప్పు తీరకపోతే జామీను పెట్టినవాడు ఇరుక్కుంటాడు. ఇక్కడ మీరు ఇంటర్వ్యూలో తప్పినా రిఫర్ చేసినాయనకి ఏమీ కాదు. రిఫర్ చేసినవాళ్ళలో ఎంపిక కానివాళ్ళు ఎంతోమంది ఉంటారు, రిక్రూటర్లకి అది రోజూ చూసే సంగతే. ఆయనకి ఇబ్బంది ఎప్పుడొస్తుందంటే, ఆయన ఫారంలో రాసిన మనిషి ఒకరు, ఇంటర్వ్యూలో కనిపించిన మనిషి ఇంకొకరు అయినప్పుడు. రిక్రూటర్ అప్పుడు ఆయనకి ఒక చిన్న మెసేజ్ పెడుతుంది. "మీరు పంపిన అభ్యర్థి గురించి మీకు ఈ సంగతి ముందే తెలుసా?" అని. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేకపోతే, ఆ తరవాత ఆయన ఎవరిని పంపినా ఆ రెజ్యూమెకి ఇదివరకటి విలువ ఉండదు. మీ తరవాత మీ చెల్లెలో, మీ స్నేహితుడో ఆయన్ని అడగబోతారు. వాళ్ళకి ఆ దారి ఉంటుందా ఉండదా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. తన ఒప్పుకోలుతోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. మలికిపురం దగ్గర ఊరు. చదువయ్యాక 2021 జూన్‌లో కాకినాడలో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరింది. మొదటి ఆరు నెలలూ ట్రైనీ, స్టైపెండ్ మాత్రమే ఇచ్చారు. డిసెంబరులో పర్మనెంట్ చేసి పీఎఫ్ కట్టడం మొదలుపెట్టారు. 2024 ఆగస్టులో అక్కడ మానేసి, సెప్టెంబరులో విశాఖపట్నంలో ఇంకో కంపెనీలో చేరింది. 2025 ఫిబ్రవరిలో నాకు రెజ్యూమె పంపింది. అందులో "నాలుగేళ్ళ అనుభవం" అని ఉంది.

నేను ఫోన్ చేసి లెక్క అడిగాను. 2021 జూన్ నుంచి లెక్కేసినా మూడేళ్ళ ఎనిమిది నెలలు. అందులో ఆరు నెలలు ట్రైనింగ్. అది తీసేస్తే మూడేళ్ళ రెండు నెలలు. "అందరూ అలాగే రాస్తున్నారు బాబాయ్, నాలుగు అంటే బావుంటుందని" అంది. నిజమే, చాలామంది రాస్తున్నారు. కానీ ఆ ఉద్యోగానికి అడిగింది మూడు నుంచి ఐదేళ్ళ అనుభవం. ఉన్నది ఉన్నట్టు రాసినా సరిపోతుంది. లేని నెలలు కలపడం వల్ల వచ్చేదేమీ లేదు, పోయేది మాత్రం చాలా ఉంది.

ఎందుకంటే, ఇంటర్వ్యూ అయ్యాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. అందులో మీ యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యులుగా మీకిచ్చిన నంబరు, అడుగుతారు. పీఎఫ్ సభ్యుల పోర్టల్లో View కింద Service History అని ఉంటుంది. మీరు ఏ కంపెనీలో ఏ తేదీన చేరారో, ఏ తేదీన మానేశారో అక్కడ వరసగా కనిపిస్తుంది. కొన్ని కంపెనీలు ఫారం 26ఏఎస్ కూడా అడుగుతాయి. మీ జీతంలో పన్ను కోసిన కంపెనీల పేర్లు అందులో ఉంటాయి. రెజ్యూమెలో జూన్ అని ఉండి పీఎఫ్‌లో డిసెంబరు అని ఉంటే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న ఆఫర్ ఇచ్చాక, చేరే తేదీ ఖాయమయ్యాక వస్తే ఇంకా కష్టం. అప్పటికి మీ మేనేజరు ఆ సీటు మీకోసం పెట్టుకుని కూర్చుని ఉంటాడు. రిఫర్ చేసినాయన అదే ఫ్లోర్లో ఉంటే రోజూ ఆ మేనేజర్‌కి ఎదురుపడాలి.

ఆ అమ్మాయిని తన సర్వీస్ హిస్టరీ తెరిచి చూడమన్నాను. తెరిస్తే ఇంకొకటి బయటపడింది. కాకినాడ కంపెనీవాళ్ళు తను మానేసిన తేదీని పోర్టల్లో ఎక్కించనే లేదు. అంటే రికార్డు ప్రకారం తను ఇంకా కాకినాడలో కూడా ఉద్యోగం చేస్తూనే ఉంది, విశాఖలో కూడా చేస్తోంది. ఒకేసారి రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టు కనిపిస్తే వెరిఫికేషన్‌లో ఎర్రజెండా పడుతుంది. తన తప్పు ఇందులో ఏమీ లేదు. అయినా జవాబు చెప్పుకోవాల్సింది తనే.

ఇది మీరే సరిచేసుకోవచ్చండి, రాసుకోండి. పాత కంపెనీ మానేసిన తేదీ ఎక్కించకపోతే, ఆ కంపెనీ చివరిసారి పీఎఫ్ కట్టాక రెండు నెలలు దాటిన తరవాత మీరే పోర్టల్లో లాగిన్ అయి Manage లోకి వెళ్ళి Mark Exit నొక్కి, తేదీ, కారణం ఇవ్వొచ్చు. ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. అక్కడ వేసే తేదీ మీ రిలీవింగ్ లెటర్లో ఉన్న తేదీతో సరిపోవాలి. ఒకసారి వేశాక మార్చుకోవడం తేలిక కాదు, కాబట్టి లెటర్ ముందు పెట్టుకుని వేయండి. ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి చేసే పని కాదిది. రిఫర్ చేయమని అడగడానికి ముందే చేసుకోవాలి.

మొదటి ఆరు నెలలకి పీఎఫ్ లేకపోవడం మన చిన్న ఊళ్ళ కంపెనీల్లో మామూలే. ఇరవై మంది కన్నా తక్కువున్న సంస్థలకి పీఎఫ్ చట్టం మామూలుగా వర్తించదు కూడా. పీఎఫ్ లేనంత మాత్రాన అనుభవం లేదని కాదు. కానీ దానికి వేరే రుజువు కావాలి. ట్రైనీగా తీసుకుంటున్నామని ఇచ్చిన లెటర్, స్టైపెండ్ పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్. తను ఆ రెండూ వెతికి దగ్గర పెట్టుకుంది. రెజ్యూమెలో ఆ ఆరు నెలల్నీ "ట్రైనీ, స్టైపెండ్ మీద" అని విడిగా రాసింది. పైన "మూడేళ్ళ రెండు నెలలు, అదనంగా ఆరు నెలల ట్రైనింగ్" అని పెట్టింది.

అప్పుడు నేను పోర్టల్లో ఏం రాశానో కూడా చెబుతాను, మీకు ఉపయోగం. "మా ఊరివైపు అమ్మాయి. బంధువు కాదు. మేం కలిసి పనిచేయలేదు, సాంకేతిక నైపుణ్యం నేను స్వయంగా చూడలేదు. తేదీలూ కాగితాలూ నేను అడిగి చూశాను, సరిగా ఉన్నాయి." ఇంతే. ఇది గొప్ప సిఫారసు లాగా వినిపించదు. కానీ ఇందులో తరవాత నేను దిగమింగుకోవాల్సిన మాట ఒక్కటీ లేదు. రిఫర్ చేసేవాళ్ళు మీ గురించి "చాలా బాగా తెలుసు, అద్భుతమైన టెస్టర్" అని రాస్తే సంతోషపడకండి. ప్యానెల్ ఆ మాట చదివి లోపలికొస్తుంది, ఆ ఎత్తు నుంచే మిమ్మల్ని కొలుస్తుంది. మీరే ఆయనతో "నా గురించి మీకు తెలిసినంతే రాయండి" అనండి. నా మాట నమ్మండి, ఆ ఒక్క మాటతో ఆయనకి సగం బరువు దిగుతుంది.

బంధువు అన్న దగ్గర కొంచెం ఆగుదాం. మన వైపు వీధిలో ఉన్నవాళ్ళందరూ అన్నయ్యలే, బాబాయిలే, మావయ్యలే. ఆ అమ్మాయి నన్ను బాబాయ్ అంటుంది. వాళ్ళకీ మాకూ చుట్టరికం లేదు. ఇప్పుడు ప్యానెల్లో ఎవరో "ఆయన మీకెలా తెలుసు?" అని అడిగారనుకోండి, తను అలవాటుగా "మా బాబాయ్" అందనుకోండి. నేను ఫారంలో బంధువు కాదని రాశాను. చాలా కంపెనీల్లో సొంత బంధువుని రిఫర్ చేస్తే ఆ సంగతి తప్పనిసరిగా చెప్పాలి, ఆ బంధువు ఎంపికలో ఆయన చేయి పెట్టకూడదు, ఆయన కిందే ఉద్యోగం ఇవ్వకూడదు అని నియమం ఉంటుంది. అలాంటప్పుడు నేను చుట్టరికం దాచానన్నమాట అవుతుంది. కాబట్టి ఇద్దరూ ముందే మాట్లాడుకోవాలి. ఎలా తెలుసు అంటే ఏం చెప్పాలి, ఉన్నది ఏంటి. నిజంగా మేనమామే అయితే మేనమామ అనే చెప్పండి, ఆయన్ని కూడా అలాగే రాయమనండి. అది చెబితే ఉద్యోగం రాదేమోనని దాచేవాళ్ళున్నారు. చెబితే మిమ్మల్ని వేరే టీం వైపు పంపుతారు, అంతే. దాచింది తరవాత బయటపడితే ఆయన ఉద్యోగానికే ముప్పు రావచ్చు.

ఫారం దగ్గరే ఇంకో చిక్కు ఉంది. మీ వివరాలు పోర్టల్లో ఎక్కేవరకూ మీరు అదే కంపెనీ వెబ్‌సైట్లో సొంతంగా అప్లై చేయకండి, కన్సల్టెన్సీలకి ఆ కంపెనీకి పంపమని చెప్పకండి. వాళ్ళ సిస్టం మెయిల్‌నో ఫోన్ నంబర్‌నో బట్టి "ఈ అభ్యర్థి ఇదివరకే ఉన్నారు" అని చెప్పేస్తుంది. కొన్నాళ్ళపాటు, చాలాచోట్ల ఆరు నెలలు, ఎవరి ద్వారా ముందొచ్చారో వాళ్ళ ఖాతాలోనే ఉంటారు. ఇదివరకు ఎప్పుడైనా ఆ కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్ళి తప్పి ఉంటే అది కూడా ముందే చెప్పండి. ఏ నెల, ఏ ఉద్యోగం, ఎన్నో రౌండ్ అని. వాళ్ళ రికార్డులో అది ఉంటుంది. రిఫర్ చేసినాయనకి ఒక్కడికే తెలియకపోతే ఆయన పరిస్థితి ఏంటో ఆలోచించండి.

ఇప్పుడు ఇంటర్వ్యూ. ఆ అమ్మాయి రెజ్యూమెలో సెలీనియం అని ఒక మాట ఉంది, టెస్టింగ్‌ని స్క్రిప్టులతో ఆటోమేట్ చేసే టూల్ అది. ప్యానెల్ మొదట పట్టుకున్నది దాన్నే. తను వేరేవాళ్ళు రాసిన స్క్రిప్టులు నడిపింది, తప్పులొచ్చినచోట లొకేటర్లు మార్చింది. మొదటి నుంచి ఫ్రేమ్‌వర్క్ కట్టలేదు. అడిగితే సరిగ్గా అలాగే చెప్పింది. నడిపిందేది, మార్చిందేది, తనకి రానిదేది అని. తరవాత ఏపీఐ టెస్టింగ్ మీద అడిగారు. అక్కడ తను నిజంగా పనిచేసింది, పోస్ట్‌మన్‌లో ఒక చెల్లింపు సర్వీసుని ఎలా పరీక్షించిందో, ఒకే లావాదేవీ రెండుసార్లు వెళ్తే ఏమవుతుందో పట్టుకున్న సంగతీ వివరంగా చెప్పింది. రెజ్యూమెలో ప్రతి పదం పక్కనా మీరు ఇంటి దగ్గరే పెన్సిల్‌తో మూడు గుర్తుల్లో ఒకటి పెట్టుకోండి. నేను చేశాను, పక్కవాళ్ళు చేస్తుంటే చేయి వేశాను, చదివాను. మూడో గుర్తు ఉన్నవి రెజ్యూమె నుంచి తీసేయండి. రెండో గుర్తు ఉన్నవాటికి మీరు ఎంతవరకు చేయి వేశారో ఒక వాక్యం సిద్ధం చేసుకోండి. ఇంటర్వ్యూకి తయారవ్వడమంటే ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టడమని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే సగం తయారీ ఈ గుర్తుల దగ్గరే అయిపోతుంది.

ఆయన పేరు ఇంటర్వ్యూలో మీరంతట మీరు ఎత్తకండి. అడిగితే రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోండి. అంతకన్నా ముఖ్యం, ఆయన మీకు ఇంట్లో మనిషిలాగా చెప్పిన మాటలు ఉంటాయి చూశారా, వాటిని అక్కడ పెట్టకండి. ఒక ఇంటర్వ్యూలో ఒక కుర్రాడు ఉత్సాహంగా "మీ టీంలో ఇద్దరు మానేశారటండీ, అందుకే త్వరగా కావాలట కదా" అన్నాడు. ప్యానెల్లో ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ సంగతి బయటివాళ్ళకి ఎవరు చెప్పారో మాకు అప్పుడే తెలిసిపోయింది. క్లయింటు పేరు, జీతాల శ్రేణి, మేనేజరు కోపిష్టివాడన్న మాట, ఏదైనా అంతే. మీరు ఆయన్ని అడగొచ్చేవేంటంటే, ఎన్ని రౌండ్లు, స్క్రీన్ మీద కోడ్ రాయిస్తారా లేక మాట్లాడటమేనా, రోజువారీ పని ఎలా ఉంటుంది అన్నవి. రిక్రూటర్‌ని అడిగినా ఇవి చెబుతుంది. కిందటిసారి ఏ ప్రశ్నలు అడిగారో చెప్పమని మాత్రం అడగకండి. ఆయన చెప్పకపోతే మనసు కష్టం, చెబితే ఆయన ఉద్యోగానికి నష్టం.

వీడియో ఇంటర్వ్యూలో పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని జవాబులు చెప్పించుకోవడం, ఇంకా ముదిరితే మీ పేరుతో ఇంకొకరే మాట్లాడటం. దీని గురించి మెత్తగా మాట్లాడలేను. మాకు తెలియదనుకోకండి. ప్రతి ప్రశ్ననీ గట్టిగా మళ్ళీ చదవడం, జవాబుకి ముందు ఒకే కొలతలో ఆగడం, కళ్ళు ఒకే పక్కకి వెళ్ళి రావడం, తెలివైన జవాబు చెప్పి దాని మీద చిన్న ప్రశ్న వేస్తే తెల్లబోవడం. చాలా కంపెనీలు ఇంటర్వ్యూలో ఫొటో తీసి పెట్టుకుంటాయి, చేరిన రోజున పోల్చి చూస్తాయి. దొరికితే మీ పేరు వాళ్ళ దగ్గర ఇక తెరవరు. రిఫర్ చేసినాయన్ని హెచ్ఆర్ పిలిచి మీకు తెలిసే జరిగిందా అని అడుగుతుంది. ఏ తప్పూ చేయని మనిషిని మీరు ఆ కుర్చీలో కూర్చోబెట్టినట్టు.

ఊళ్ళో ఇంటి నుంచి ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్ళకి ఒక మాట. లంక గ్రామాల్లో గాలివాన పడితే కరెంటు, నెట్ రెండూ పోతాయి. వాయుగుండం రోజుల్లో ఇంటర్వ్యూ ఉంటే ముందురోజే అమలాపురమో రాజమండ్రో చేరుకోండి. అమ్మ వెనక నుంచి కాఫీ పట్టుకొచ్చినంత మాత్రాన ఎవరూ తప్పు పట్టరు, కానీ గదిలో ఇంకొకరు ఉన్నారన్న అనుమానం రాకుండా తలుపు వేసుకోండి.

తేదీ సంగతి. సంక్రాంతికి జరిగింది ఒకటి చెబుతాను. పుణెలో కంపెనీ, రిఫర్ చేసింది నాకు తెలిసినాయనే. కుర్రాడికి కనుమ రోజున పదకొండింటికి ఇంటర్వ్యూ పెట్టారు. పుణెలో ఆ రోజు మామూలు పనిదినం. వారం ముందు మెయిల్ వస్తే వీడు సరే అని నొక్కేశాడు. ఆ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పొద్దున్నే స్నేహితులతో వెళ్ళాడు. ఆ జనంలో ఫోన్ పనిచేయలేదు. ప్యానెల్లో ఇద్దరు మనుషులు ఇరవై నిమిషాలు ఖాళీ స్క్రీన్ చూసి లేచిపోయారు. రిక్రూటర్ ఫోన్ చేసింది ఎవరికి? రిఫర్ చేసినాయనకి. పండక్కి ఊళ్ళో ఉన్న మనిషి, ఆ ఫోన్ తీసి ఏం చెప్పాలి?

సరే అని నొక్కే ముందే, ఆ రోజు మా ప్రాంతంలో పండగ, ఆ తరవాత రెండు రోజుల్లో ఎప్పుడైనా సిద్ధం అని రిక్రూటర్‌కి రెండు వాక్యాల మెయిల్ పెట్టి ఉంటే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. మార్చుకోవాలంటే కనీసం ఒక రోజు ముందు అడగండి. అడగాల్సింది రిక్రూటర్‌ని. రిఫర్ చేసినాయనకి "ఫలానా కారణంతో మార్చమని అడిగాను" అని ఒక్క మెసేజ్ చాలు. ఆయన్ని మధ్యలో పెట్టి "మీరే చెప్పండి" అనకండి.

ఆ అమ్మాయి ఇంటర్వ్యూ అయిన సాయంత్రం నాకు మెసేజ్ పెట్టింది. ఇంచుమించు ఇలా ఉంది: "బాబాయ్, ఇంటర్వ్యూ అయింది. ఏపీఐ బాగా చెప్పాను. సెలీనియంలో ఫ్రేమ్‌వర్క్ కట్టలేదని చెప్పాను, అక్కడ వాళ్ళకి ఇంకా ఎక్కువ కావాలనిపించింది. రిక్రూటర్ వారంలో చెబుతామన్నారు. మీరేమీ అడగక్కర్లేదు." ఆ చివరి మాట చూశారా? నాకు ఏం జరిగిందో తెలిసింది, నేనేమీ చేయక్కర్లేదనీ తెలిసింది. వారం తరవాత ఆ ఉద్యోగానికి తీసుకోలేదని చెప్పారు, ఆటోమేషన్ సొంతంగా కట్టగలిగిన మనిషి కావాలన్నారు. రిక్రూటర్ నాతో అన్నది "మీరు రాసినట్టే ఉంది అమ్మాయి" అని. రెండు నెలల తరవాత ఏపీఐ టెస్టింగ్ పని ఎక్కువున్న ఇంకో టీంలో ఖాళీ వస్తే తనే నేరుగా ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. నన్ను అడగలేదు కూడా.

ఇక మీరు అడగండి.

(సభలో ఒక పెద్దాయన: ఆయ్, మా అబ్బాయికి మొహమాటం ఎక్కువండి. ఏమైందో కనుక్కోమని ఆ రిఫర్ చేసినాయనకి నేను ఫోన్ చేయొచ్చాండి?)

చేయకండి బాబాయిగారూ. మీ ఆత్రుత నాకు అర్థమవుతుంది. కానీ మీరు పెద్దవారు, మీరు ఫోన్ చేస్తే ఆయన కాదనలేడు. వెళ్ళి రిక్రూటర్‌ని అడుగుతాడు. రెండుసార్లు అడిగితే రిక్రూటర్‌కి ఒత్తిడి పెడుతున్నట్టు ఉంటుంది. చెప్పిన గడువు దాటి మూడు నాలుగు పనిదినాలైతే అబ్బాయే రిక్రూటర్‌కి ఒక మెయిల్ పెట్టాలి. ఇంకో వారానికీ జవాబు రాకపోతే అప్పుడు రిఫర్ చేసినాయనకి "వీలుంటే ఒకసారి చూస్తారా" అని ఒక్కసారి అడగొచ్చు. అది కూడా అబ్బాయే అడగాలి.

(ఒక అమ్మాయి: రిఫర్ చేస్తే వాళ్ళకి బోనస్ వస్తుందంట కదా సార్. మనం ఏమైనా ఇవ్వాలా? కొంతమంది డబ్బులు అడుగుతున్నారు.)

ఇవ్వకూడదమ్మా. బోనస్ ఇచ్చేది కంపెనీ. అదికూడా మీరు చేరి, కంపెనీని బట్టి కొన్ని నెలలు పనిచేశాకే వస్తుంది. ముందు డబ్బు కట్టు, రిఫర్ చేస్తాను అన్నవాడు చాలాసార్లు ఆ కంపెనీలో ఉండనే ఉండడు. నిజంగా ఉన్నా, అలా తీసుకున్నట్టు తెలిస్తే ఆయన ఉద్యోగం పోతుంది, మీ ఆఫర్ కూడా పోతుంది. కృతజ్ఞత చూపించాలనిపిస్తే ఫలితం ఏదైనా సరే ముందు ఆయనకే చెప్పండి. ఇంకొకరి నోట వినేలా చేయకండి.

(ఒక కుర్రాడు: రిఫరల్‌లో ఆఫర్ వచ్చింది సార్. నోటీస్ పీరియడ్ తొంభై రోజులు. ఈలోపు ఇంకా ఎక్కువ జీతంతో వేరే ఆఫర్ వస్తే వెళ్ళకూడదా?)

మంచి ప్రశ్న. వెళ్ళకూడదని నేననను. మీ ఇంట్లో అప్పులుండొచ్చు, చెల్లెలి పెళ్ళుండొచ్చు, ఆ నిర్ణయం మీది. ఎలా వెళ్తారన్నది మాత్రం ముఖ్యం. మొట్టమొదట, వేరే ఇంటర్వ్యూలు నడుస్తున్నాయని రిఫర్ చేసే రోజే ఆయనకి చెప్పండి. రిక్రూటర్ అడిగితే ఆవిడకీ నిజమే చెప్పండి. రెండోది, వేరే ఆఫర్ వచ్చి మనసు మారిన రోజే చెప్పండి. చేరాల్సిన రోజు పొద్దున్న ఫోన్ ఆపేసుకునేవాళ్ళున్నారు. అప్పటికి ఆ టీం తొంభై రోజులు మీకోసం ఆగి, మిగతా అభ్యర్థుల్ని వదులుకుని ఉంటుంది. నెల ముందు చెబితే వాళ్ళు ఇంకొకరిని వెతుక్కుంటారు, చిరాకు పడినా అది పోతుంది. చెప్పే వరస కూడా చూసుకోండి. ముందు రిఫర్ చేసినాయనకి ఫోన్. మెసేజ్ కాదు, ఫోన్. ఆ తరవాత గంటలోపే రిక్రూటర్‌కి మెయిల్. ఆ గంటలో ఆయన తన మేనేజర్‌కి తనే చెప్పుకుంటాడు. ఇంకొకటి, ఎక్కువ జీతం ఆఫర్‌ని చూపించి ఇక్కడ జీతం పెంచమని అడగాలనుకుంటే అది కూడా రిక్రూటర్‌తోనే మాట్లాడండి. మీ జీతం గురించి ఆయన చేత మాట్లాడించకండి. ఇప్పుడు మీ నోటీస్‌లో ఎన్ని రోజులు అయిపోయాయి? ఇరవయ్యా? అయితే ఇంకా డెబ్బై ఉన్నాయి. ఆయనకి ఈ రాత్రే ఫోన్ చేయండి.